జీర్ణవ్యవస్థ పాఠం: బాడీ అవుట్‌లైన్, కార్డులతో అన్నం ముద్ద వెంట వెళ్లడం – తరచుగా అడిగే ప్రశ్నలు

ఏడో తరగతికి జీర్ణవ్యవస్థ చెప్పే సైన్సు టీచర్ల కోసం ఇది. పిల్లలు ఒక మనిషి ఆకారం గీసి, అందులో అవయవాల కార్డులు పెట్టి, ఒక భోజనాన్ని నోటి నుంచి చివరిదాకా నడిపించే పాఠం. ఎక్కడ ఇరుక్కుంటారో, ఏ ప్రశ్నలు వస్తాయో వాటినే తీసుకున్నాను.

ఎన్ని పీరియడ్లు పడుతుంది?

45 నిమిషాల పీరియడ్లు రెండు. మొదటిదాంట్లో బొమ్మ గీయడం, అవయవాలు వాటి చోట్లలో పెట్టడం. రెండోదాంట్లో భోజనం ప్రయాణం. ఒక్క పీరియడ్‌లో అవగొడదాం అనుకుంటే బొమ్మ గీయడంతోనే బెల్లు కొట్టేస్తుంది, అసలు విషయం ఇంటిపని అయిపోతుంది. నిజంగా ఒకటే పీరియడ్ ఉంటే బొమ్మలు మీరే ముందు రోజు గీసి పెట్టుకోండి, భోజనం ప్రయాణం మాత్రం వదలొద్దు. రెండు పీరియడ్లూ వరసగా దొరికితే మంచిది, లేకపోతే మర్నాడైనా ఫర్వాలేదు కానీ మధ్యలో ఆదివారం రాకుండా చూసుకోండి, కార్డులు సగం మాయమవుతాయి.

పాఠం చెప్పి తర్వాత ఈ పని చేయించాలా, ముందే చేయించాలా?

ముందే. ఇంకా ముందు ఒక అయిదు నిమిషాల పని ఉంది. ప్రతి ఒక్కరికీ నోటుబుక్కులో మనిషి ఆకారం ఒకటి గీసుకోమని చెప్పి, "మధ్యాహ్నం తిన్న అన్నం ఎక్కడెక్కడికి పోతుందో గీత గీసి చూపించండి, పేర్లు రాకపోయినా పర్లేదు" అనండి. సరిచేయొద్దు, మార్కులు వేయొద్దు, తిరుగుతూ చూడండి అంతే.

దాదాపు ఏ క్లాసులోనైనా నాలుగు రకాల బొమ్మలు కనిపిస్తాయి. ఒకటి, గొంతు నుంచి గొట్టం దిగి ఒక సంచిలో ఆగిపోతుంది, కథ అక్కడే ముగుస్తుంది. రెండు, ఆ సంచి సరిగ్గా బొడ్డు మీద ఉంటుంది. మూడు, అన్నానికి ఒక గొట్టం, నీళ్లకి ఇంకో గొట్టం, నీళ్ల గొట్టం సూటిగా మూత్రం దారికి వెళ్లిపోతుంది. నాలుగు, పుస్తకంలో బొమ్మ గుర్తున్న పిల్లలు గీసేది: జీర్ణాశయం నుంచి ఆహారం కాలేయంలోకి వెళ్లి అక్కడి నుంచి పేగుల్లోకి వస్తుంది. మీ క్లాసులో వీటిలో ఏవి ఎక్కువగా ఉన్నాయో రాసి పెట్టుకుంటే రెండో పీరియడ్‌లో ఎక్కడ ఎక్కువసేపు ఆగాలో తెలిసిపోతుంది. నన్నడిగితే మూడోదీ నాలుగోదీ తక్కిన వాటికన్నా మొండివి, పాఠం విన్నాక కూడా అలాగే ఉండిపోతాయి.

అవుట్‌లైన్‌కి ఎంత కాగితం కావాలి? పిల్లల్ని పడుకోబెట్టి గీయాల్సిందేనా?

స్టేషనరీ షాపులో దొరికే మామూలు చార్టు ఇంచుమించు 56 సెం.మీ. వెడల్పు, 71 సెం.మీ. పొడవు ఉంటుంది. రెండింటిని పొడవుగా అతికిస్తే తల నుంచి తొడల దాకా హాయిగా సరిపోతుంది. కాళ్లు అక్కర్లేదు, చేతులు సగం వరకు చాలు. 40 మంది క్లాసుకి ఆరేడు గుంపులు, అంటే పన్నెండు నుంచి పద్నాలుగు చార్టులు. అంత ఖర్చు వద్దనుకుంటే పాత న్యూస్‌పేపర్లు అతికించి వాడండి, స్కెచ్ గీత దాని మీద కూడా కనిపిస్తుంది. కార్డులు మాత్రం తెల్ల కాగితం మీద ఉండాలి.

పడుకోబెట్టి గీయడం గురించి కాస్త జాగ్రత్త. పిల్లలకి అది సరదాగానే ఉంటుంది, కానీ అందరికీ కాదు. ఏడో తరగతి వయసులో తన ఒంటి చుట్టూ ఇంకొకరు పెన్ను తిప్పడం ఇబ్బందిగా అనిపించే అమ్మాయిలు ఉంటారు, లావుగా ఉన్న పిల్లాడి బొమ్మ గోడకెక్కితే ఆ ఏడాదంతా వెక్కిరింపే. అందుకని ఒక అట్ట మూస ముందే కత్తిరించి పెట్టుకుని అన్ని గుంపులకీ అదే తిప్పడం మేలు. అన్ని బొమ్మలూ ఒకే సైజులో ఉంటాయి, కాబట్టి కార్డులు కూడా ఒకే కొలతలో చేయొచ్చు. ఎవరైనా తమంతట తాము పడుకుంటామంటే భుజాల నుంచి పైకి మాత్రం గీయించి, కింద భాగం మూసతో పూర్తి చేయించండి.

అవయవాలు అన్నీ తారుమారుగా పెడుతున్నారు, కాలేయం ఎడమ పక్కకి పోతోంది. ఏం చేయాలి?

ఇది తెలియకపోవడం వల్ల కాదు. బొమ్మ మనవైపు చూస్తూ ఉంటుంది కాబట్టి బొమ్మ ఎడమ మనకి కుడి అవుతుంది. "కాలేయం కుడి వైపు" అని చదివిన పిల్ల తన కుడి చేతి వైపే పెడుతుంది, ఆమె లెక్కలో అది సరైనదే. కార్డులు పంచేముందే బొమ్మ చేతుల మీద "కుడి చెయ్యి", "ఎడమ చెయ్యి" అని రాయించండి, సగం గొడవ తీరిపోతుంది. ఇంకా అనుమానం మిగిలితే ఒక బొమ్మని ఎవరైనా పిల్లాడి ఛాతీకి ఆనించి పట్టుకోమనండి, బొమ్మ ఎడమ చెయ్యి వాడి ఎడమ చేతి దగ్గర ఉందో లేదో అందరూ చూస్తారు.

చోట్లు చెప్పేటప్పుడు చేత్తో తాకించండి. జీర్ణాశయం ఎడమ పక్కటెముకల కింది అంచు దగ్గర, చాలామంది అనుకునేదానికన్నా పైన ఉంటుంది. కాలేయం కుడి పక్కటెముకల వెనకాల. పిత్తాశయం కాలేయం అడుగున. క్లోమం జీర్ణాశయానికి వెనక వైపు అడ్డంగా ఉంటుంది, అందుకే ఆ కార్డుని జీర్ణాశయం కార్డు కిందికి సగం దూర్చి అతికించమనాలి. బొడ్డు చుట్టూ ఉన్నదంతా పేగులదే.

ఏయే కార్డులు, ఎన్ని?

మూడు రకాలు. మొదటి రకం దారి కార్డులు, ఏడు: నోరు, ఆహారవాహిక, జీర్ణాశయం, చిన్నపేగు, పెద్దపేగు, పురీషనాళం, పాయువు. వీటి గుండా ఆహారం నిజంగా వెళ్తుంది. రెండో రకం సాయం కార్డులు, నాలుగు: లాలాజల గ్రంథులు, కాలేయం, పిత్తాశయం, క్లోమం. వీటిలోకి ఆహారం వెళ్లదు, వీటి నుంచి రసాలు దారిలోకి వస్తాయి. ఈ రెండు రకాలకీ కచ్చితంగా వేర్వేరు రంగులు ఉండాలి. దారికి తెలుపు, సాయానికి పసుపు అనుకుందాం. ప్రతి పసుపు కార్డుకీ ఒక దారం ముక్క అతికించండి, ఆ దారం రెండో కొస దారిలో ఎక్కడ కలవాలో పిల్లలు తేల్చాలి. లాలాజల గ్రంథుల దారం నోట్లో పడుతుంది. మిగిలినవి చిన్నపేగు మొదటి భాగంలో, అంటే ఆంత్రమూలంలో పడతాయి. పిత్తాశయం దారం కాలేయం నుంచి కూడా రావాలి, ఎందుకంటే పైత్యరసం తయారయ్యేది కాలేయంలో, పిత్తాశయం దాన్ని నిలవ ఉంచి చిక్కబరుస్తుంది అంతే.

మూడో రకం ఆహారం కార్డులు. వీటి గురించి కింద విడిగా రాశాను, పాఠంలో అసలు సరుకు అదే.

కార్డు మీద పేరు తెలుగులోనా ఇంగ్లీషులోనా అని అడుగుతుంటారు. ఒక పక్క తెలుగు, వెనక ఇంగ్లీషు పేరు రాయండి. ఇప్పుడు చాలా స్కూళ్లలో పరీక్ష ఇంగ్లీషులో రాస్తున్నారు, ఆలోచన మాత్రం తెలుగులోనే సాగుతుంది.

చిన్నపేగుని కార్డుగా పెడితే చాలా? పొడవు ఎలా తెలుస్తుంది?

కార్డు చాలదు. పుస్తకాల్లో 6 మీటర్లనీ, 7.5 మీటర్లనీ రాస్తారు. ప్రాణంతో ఉన్న మనిషిలో కండరాలు బిగిసి ఉంటాయి కాబట్టి ఇంతకన్నా పొట్టిగా కొలతకొస్తుంది, అందుకే అంకెల్లో తేడాలు. మీరు ఒక 6 మీటర్ల తాడు తీసుకోండి, బట్టలారేసే తాడు సరిపోతుంది. ముందు వరండాలో చాపి ఇద్దరు పిల్లలు చెరో కొస పట్టుకోవాలి. తర్వాత దాన్నే అవుట్‌లైన్ బొమ్మ పొట్టలో సర్దమనాలి. మడతలు మడతలుగా తప్ప పట్టదు, మడిచాక అంత చోటులోనే ఒదిగిపోతుంది. పెద్దపేగుకి ఒకటిన్నర మీటరు తాడు, కానీ అది లావుపాటిది కావాలి, పాత చున్నీని మెలితిప్పినా సరే. పొడవులో చిన్నపేగు చాలా పెద్దది, లావులో పెద్దపేగు పెద్దది, ఆ పేర్లు వచ్చింది లావుని బట్టే అని పిల్లలే పట్టేస్తారు.

పెద్దపేగుని ఎక్కడ మొదలుపెట్టాలో చూడండి: కుడి పక్క కింద మొదలై, పైకెక్కి, అడ్డంగా ఎడమకి వెళ్లి, కిందికి దిగుతుంది. చిన్నపేగు చుట్టూ చట్రం వేసినట్టు ఉంటుంది. అపెండిక్స్ ఎక్కడ అని ఎవరో ఒకరు అడుగుతారు, పెద్దపేగు మొదలయ్యే ఆ కుడి మూలే.

ఏ ఆహారంతో చేయించాలి? "ఆహారం" అని ఒకటే కార్డు పెట్టకూడదా?

పెట్టకూడదు. ఒకే కార్డుని ఏడు చోట్లలోంచి జరుపుకుంటూ పోతే పిల్లలకి తెలిసేది స్టేషన్ల పేర్లే. లోపలికి వెళ్లినది వెళ్లినట్టే బయటకి వచ్చినట్టు ఉంటుంది. ఆహారం మారుతూ పోవాలి, అందులో ఎక్కువ భాగం మధ్యలోనే గొట్టం వదిలి రక్తంలోకి వెళ్లిపోవాలి. కార్డుతో అది కళ్లకి కనిపించాలంటే భోజనాన్ని విడగొట్టాలి.

మన దగ్గర దీనికి అన్నం, పప్పు, నెయ్యి, తోటకూర కూర కన్నా మంచి పళ్లెం దొరకదు. అన్నంలో పిండిపదార్థం, పప్పులో ప్రోటీన్, నెయ్యిలో కొవ్వు, తోటకూరలో పీచు. నిజానికి పప్పులో పిండిపదార్థమూ పీచూ కూడా బాగానే ఉన్నాయి, తెలివైన పిల్లలు అడుగుతారు, అవునని ఒప్పుకుని ఈ ఆటలో ఒక్కో పదార్థానికి ఒక్కో పనే ఇచ్చామని చెప్పండి.

కాగితం పట్టీలు ఇలా చేయండి. అన్నానికి ఎనిమిది గళ్ల పట్టీ, అన్ని గళ్లూ ఒకే రంగు, ప్రతి గడీ ఒక గ్లూకోజ్. పప్పుకి ఎనిమిది గళ్ల పట్టీ, గళ్లు నాలుగైదు రంగుల్లో, ఎందుకంటే ప్రోటీన్‌లో అమైనో ఆమ్లాలు రకరకాలు. నెయ్యికి అరచేయంత పసుపు కాగితం ముక్క. తోటకూర పీచుకి ఆకుపచ్చ పట్టీ, దాని మీద కత్తెర గుర్తు వేసి కొట్టేయండి, ఎవరూ దాన్ని కత్తిరించకూడదని నియమం. గుంపుకో కత్తెర, బొమ్మ పక్కన "రక్తం" అని రాసిన ఎర్ర కాగితం ఒకటి. అంతే సామాను.

ఒకసారి మొత్తం ప్రయాణం నడిపించి చూపిస్తారా?

నాలుగు పట్టీలూ నోరు కార్డు మీద పెట్టండి. పళ్లు నమిలాయి. నమలడం అంటే పట్టీని కత్తిరించడం కాదు, ముద్ద చిన్నదైంది తప్ప పదార్థం మారలేదు, ఈ తేడా ఇక్కడే చెప్పేయండి. లాలాజలంలో ఎమైలేజ్ ఉంది, అది పిండిపదార్థం మీద పని చేస్తుంది. కాబట్టి అన్నం పట్టీకి ఒక్క కత్తెర గాటు మాత్రం, ఎనిమిది గళ్లది రెండు నాలుగు గళ్ల ముక్కలైంది. నోట్లో ముద్ద ఉండేది కాసేపే కదా, అందుకే ఒకే గాటు. పప్పు, నెయ్యి, పీచు అలాగే ఉన్నాయి.

ఆహారవాహిక. పొడవు సుమారు 25 సెం.మీ., పది సెకన్లలోపు దాటేస్తుంది. ఇక్కడ కత్తెర తీయకూడదు. తీసిన గుంపు ఉంటే ఎందుకు తీశారో అడగండి. ఇక్కడ జరిగేది నెట్టడం మాత్రమే, గొట్టం గోడ వెనక నుంచి బిగిస్తూ ముద్దని ముందుకి తోస్తుంది. ఒక పాత సాక్సు కొస కత్తిరించి అందులో నిమ్మకాయ పెట్టి వెనక నుంచి పిండుతూ జరిపిస్తే సరిపోతుంది. తలకిందులుగా ఉంటే తిన్నది కిందికి దిగుతుందా అని అడిగితే, దిగుతుంది, దాన్ని నడిపేది ప్రధానంగా కండరం కాబట్టి.

జీర్ణాశయం. ఇక్కడ ఆమ్లం ఉంది, పెప్సిన్ ఉంది. పెప్సిన్ ప్రోటీన్‌ని ముక్కలు చేస్తుంది కానీ విడివిడి అమైనో ఆమ్లాల దాకా తీసుకెళ్లదు. పప్పు పట్టీకి రెండు గాట్లు, మూడు ముక్కలయ్యాయి. అన్నం ముక్కల్ని ఇక్కడ ముట్టుకోకూడదు: ఆమ్లంలో లాలాజల ఎమైలేజ్ పని ఆగిపోతుంది. పిల్లలందరూ ఇక్కడే అన్నీ కత్తిరించేయాలని చూస్తారు, "అరుగుదల అంటే కడుపులోనే కదా సార్" అంటారు. ఆపండి. జీర్ణాశయం దాటేటప్పటికి బల్ల మీద ఎన్ని విడి గళ్లు ఉన్నాయో లెక్కపెట్టమనండి. ఒక్కటీ ఉండదు. ఎర్ర కాగితం ఇంకా ఖాళీగానే ఉంటుంది. ఈ ఒక్క లెక్క కోసమే ఇంత కత్తిరింపూ పెట్టుకున్నది, తొందరపడి దాటేయకండి.

చిన్నపేగు. ముందు దారాల సంగతి: కాలేయం, పిత్తాశయం వైపు నుంచి పైత్యరసం, క్లోమం నుంచి క్లోమరసం వచ్చి పడ్డాయి. పైత్యరసంలో ఎంజైములు లేవు. అది జిడ్డు గిన్నె మీద సబ్బులా పనిచేస్తుంది, కొవ్వుని చిన్న చిన్న బిందువులుగా విడగొడుతుంది. కాబట్టి పసుపు కాగితాన్ని చేత్తో చింపించండి, కత్తెర వద్దు. చింపిన ముక్కలు ఇంకా కొవ్వే, మరో పదార్థం కాలేదు. తర్వాత క్లోమరసంలో ఉన్న లైపేజ్ వస్తుంది, అప్పుడు ఆ ముక్కల్ని కత్తెరతో కోసి వెనక "కొవ్వు ఆమ్లం", "గ్లిజరాల్" అని రాయించండి. చింపడానికీ కోయడానికీ తేడా పిల్లల చేతికే తెలుస్తుంది. క్లోమరసంలో ఎమైలేజ్ కూడా ఉంది, అన్నం ముక్కల్ని రెండేసి గళ్లుగా కోస్తుంది, చిన్నపేగు గోడ మీద ఉన్న ఎంజైములు వాటిని ఒక్కో గడిగా విడగొడతాయి. పప్పు ముక్కలకీ అంతే, చివరికి ఒక్కో రంగు గడీ విడిపోతుంది.

ఇప్పుడు విడి గళ్లన్నీ ఎర్ర కాగితం మీదికి. చిన్నపేగు లోపలి గోడ మీద ఉండే ఆంత్రచూషకాల గుండా ఇవి లోపలికి పీల్చుకోబడతాయి. కొవ్వు మాత్రం ముందు శోషరస నాళాల్లోకి వెళ్లి తర్వాత రక్తంలో కలుస్తుంది, ఏడో తరగతికి ఈ ముక్క చెప్పకపోయినా నష్టం లేదు, పదో తరగతి అయితే ఇంకో చిన్న కాగితం చేర్చుకోండి.

చిన్నపేగు చివరికి వచ్చేసరికి తాడు మీద ఏం మిగిలింది? ఆకుపచ్చ పట్టీ ఒక్కటే, మొదట్లో ఎలా ఉందో అలాగే. అది పెద్దపేగులోకి వెళ్తుంది. మిగిలిన నీళ్లూ లవణాలూ పెద్దపేగు లాగేసుకుంటుంది, పీచులో కొంత భాగాన్ని బాక్టీరియా తింటాయి. పట్టీ మూల కొద్దిగా చింపి "బాక్టీరియా" అని రాస్తే చాలు. ఆ తర్వాత పురీషనాళం, పాయువు, బయటకి. మలం అంటే అరగని ఆహారం ఒక్కటే అనుకోవద్దు, అందులో చాలావరకు నీళ్లు, మిగిలినదాంట్లో బాక్టీరియా కూడా గణనీయంగానే ఉంటాయి.

మరి కాలేయంలోకి ఆహారం వెళ్లదని చెప్పాక, "కాలేయం పోషకాల్ని నిలవ చేస్తుంది" అని పుస్తకంలో ఉంటే పిల్లలు గందరగోళపడరా?

పడతారు, కాబట్టి మీరే ముందు ఎత్తుకోండి. ముద్దగా ఉన్న ఆహారం కాలేయంలోకి రాదు. కానీ చిన్నపేగు నుంచి పోషకాలు తీసుకున్న రక్తం గుండెకి వెళ్లేముందు కాలేయం గుండానే పోతుంది. బొమ్మ మీద ఎర్ర కాగితం నుంచి కాలేయం కార్డుకి ఒక ఎర్ర గీత గీయించండి. అప్పుడు కాలేయానికి రెండు సంబంధాలు కనిపిస్తాయి: పసుపు దారం దాని నుంచి పేగుకి, ఎర్ర గీత పేగు నుంచి దానికి. మొదటిది రసం పంపడం, రెండోది సరుకు అందుకోవడం.

నీళ్లకీ మూత్రానికీ గొట్టం ఉందనే నమ్మకం పోవట్లేదు.

ఒక నీలం బొట్టు కార్డు చేసి "గ్లాసు నీళ్లు" అని రాయండి, అన్నం దారిలోనే పంపండి. నోరు, ఆహారవాహిక, జీర్ణాశయం, చిన్నపేగు, అంతే, చాలావరకు నీళ్లు చిన్నపేగులోనే రక్తంలోకి వెళ్లిపోతాయి. పెద్దపేగు మిగిలింది లాగుతుంది. పుస్తకాల్లో నీళ్ల పీల్పు అంతా పెద్దపేగుదే అన్నట్టు ఉంటుంది కానీ రోజుకి పేగుల్లోకి చేరే నీళ్లు, మనం తాగినవీ రసాలుగా ఊరినవీ కలిపి, సుమారు 8, 9 లీటర్లు. అందులో సింహభాగం చిన్నపేగుదే. ఇక మూత్రం: బొమ్మ పక్కన ఎర్ర కాగితం నుంచి కొత్త గీత ఒకటి గీసి "మూత్రపిండాలు" అని రాయండి. రక్తంలోంచి వస్తుంది, పేగులోంచి కాదు. ఆ ఒక్క గీతతో చాలామందికి తేలిపోతుంది, ఇంకా తేలనివాళ్లని విసర్జన పాఠానికి వదిలేయండి.

పొలమారడం, వాంతి, విరేచనాలు లాంటివి కూడా కలపొచ్చా?

కలపండి, గుంపుకో చీటీ ఇస్తే మంచి చర్చ జరుగుతుంది. పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారు అనడం మన ఇళ్లలో మామూలే కదా, ఆ చీటీ వస్తే క్లాసంతా మేలుకుంటుంది. గొంతు దగ్గర గాలి గొట్టం, ఆహారవాహిక పక్కపక్కనే ఉంటాయి, మింగేటప్పుడు గాలి దారి మూత పడుతుంది, మాట్లాడుతూనో నవ్వుతూనో మింగితే మూత సరిగ్గా పడక మెతుకు గాలి దారి వైపు పోతుంది, దగ్గు దాన్ని వెనక్కి తోస్తుంది.

విరేచనాల చీటీకి ప్రశ్న ఇలా వేయండి: నీళ్లు ఎక్కడ వెనక్కి రాలేదు? పేగులు నీళ్లు సరిగ్గా పీల్చుకోకపోవడం, లేదా ఉల్టా నీళ్లు వదలడం. ఓఆర్‌ఎస్‌లో ఉప్పుతో పాటు గ్లూకోజ్ ఎందుకు వేస్తారో కూడా ఇక్కడే దొరుకుతుంది, చిన్నపేగు గోడలో గ్లూకోజ్, సోడియం జతగా లోపలికి వెళ్తాయి, వాటి వెంట నీళ్లు వెళ్తాయి.

నులిపురుగుల మాత్ర గురించి కూడా అడుగుతారు, స్కూల్లోనే ఇస్తారు కాబట్టి. ఫిబ్రవరి 10న ఇచ్చే ఆ ఆల్బెండజోల్ ఎవరి కోసమో చెప్పాలంటే తాడు మీద ఒక ఏలికపామును గీస్తే చాలు, అది ఉండేది చిన్నపేగులో, అంటే సరిగ్గా గళ్లు విడిపోయే చోట.

పాయువు, మలం అనగానే క్లాసు నవ్వుల్లో మునిగిపోతుంది.

ముప్పై సెకన్లు నవ్వనివ్వండి. తర్వాత మీరు మామూలు గొంతుతో ఆ మాటలు రెండు మూడుసార్లు వాడితే మాటల్లో మజా పోతుంది. "దొడ్డికి" అనే మాట పిల్లలు వాడితే తప్పు పట్టక్కర్లేదు, కార్డు మీద మాత్రం పుస్తకం మాట ఉండాలి.

కార్డులు వరసగా పెట్టేశారు. అర్థమైందో లేదో ఎలా తెలుస్తుంది?

వరస పెట్టడం ఏమీ రుజువు చేయదు, పక్క గుంపుని చూసి కూడా పెట్టొచ్చు. మూడు ప్రశ్నలు నాకు బాగా పనికొస్తాయి.

మొదటిది టైము ప్రశ్న. మీ పీరియడ్ మధ్యాహ్నం రెండింటికి అనుకుందాం. "పన్నెండున్నరకి తిన్న భోజనం ఇప్పుడు ఎక్కడుంది? పొద్దున ఎనిమిదింటికి తిన్న ఇడ్లీ ఎక్కడుంది? నిన్న రాత్రి తిన్నది?" జీర్ణాశయంలో సుమారు రెండు నుంచి నాలుగు గంటలు, చిన్నపేగులో మూడు నుంచి ఆరు గంటలు, పెద్దపేగులో ఒక రోజు, కొందరిలో ఇంకా ఎక్కువ. అంటే మధ్యాహ్న భోజనం ఎక్కువ భాగం ఇంకా జీర్ణాశయంలోనే ఉంది, ఇడ్లీ చిన్నపేగు చివరి భాగంలోనో పెద్దపేగు మొదట్లోనో ఉంది, నిన్న రాత్రిది పెద్దపేగులో. కచ్చితమైన జవాబు ఎవరిదీ కాదు, నెయ్యి ఎక్కువ తిన్నవాడికి జీర్ణాశయం ఆలస్యంగా ఖాళీ అవుతుంది. అయినా మూడు భోజనాలూ ఒకేసారి లోపల వేర్వేరు చోట్ల ఉంటాయని తట్టిందంటే పాఠం ఎక్కినట్టే.

రెండోది: "పిత్తాశయం ఆపరేషన్ చేసి తీసేశారు. ఆ మనిషి నెయ్యి తినొచ్చా?" పైత్యరసాన్ని పిత్తాశయమే తయారు చేస్తుందనుకునే పిల్లలు తినకూడదు అంటారు. దారాలు సరిగ్గా కట్టినవాళ్లు, కాలేయం నుంచి నేరుగా పేగులోకి వస్తూనే ఉంటుంది, నిలవ మాత్రం ఉండదు, ఒకేసారి ఎక్కువ నెయ్యి తింటే ఇబ్బంది రావొచ్చు అంటారు.

మూడోది: కొత్త పళ్లెం. వేరుశెనగ చిక్కీ ఇచ్చి పట్టీలు వాళ్లనే చేయమనండి. వేరుశెనగలో కొవ్వూ ప్రోటీనూ ఉన్నాయి, బెల్లం పాకంలో ఎక్కువగా ఉండేది సుక్రోజ్, అంటే ఇప్పటికే రెండు గళ్ల ముక్క. దాన్ని నోట్లో ఎమైలేజ్ ముట్టుకోదు, చిన్నపేగులోనే ఒక్క గాటు పడుతుంది. ఎనిమిది గళ్ల పట్టీ చేయబోయి ఆగి ఆలోచించిన గుంపుని మెచ్చుకోండి.

అయోడిన్ ప్రయోగం కూడా ఇదే పాఠంలో చేయించాలా?

మొదటి పీరియడ్ మొదట్లో మొదలుపెట్టి చివర్లో చూస్తే అదనంగా టైము పట్టదు. గంజి పల్చగా చేయండి, గ్లాసు నీళ్లకి ఒక చెంచా చాలు. చిక్కటి గంజి అయితే పీరియడ్ అయిపోయినా నీలం రంగు పోదు, పిల్లలు లాలాజలం పనిచేయలేదని రాసేసుకుంటారు. రెండు పరీక్షనాళికలు, ఒకదాంట్లో లాలాజలం కలిపి, రెండోదాంట్లో అంతే నీళ్లు కలిపి గోరువెచ్చని నీళ్లలో ఉంచండి. అయోడిన్ మొదటే పోయకండి, అరగంట తర్వాత ఒక్కో చుక్క తీసి తెల్ల పళ్లెంలో అయోడిన్‌తో కలపండి. లాలాజలం ఎవరిది వాళ్లే పట్టుకోవాలి, వాళ్లే కడుక్కోవాలి. లాలాజలం కలిపినదాంట్లో రంగు రాకపోతే అన్నం పట్టీకి నోట్లో వేసే గాటు నిజమేనని చూసినట్టు.

కత్తిరించిన పట్టీలు మళ్లీ పనికిరావు కదా, ప్రతి సెక్షనుకీ కొత్తవి చేయాలా?

పట్టీలు అవును. పాత పరీక్ష పేపర్ల వెనక వైపు గళ్లు గీసి జిరాక్స్ తీయిస్తే సెక్షనుకి నాలుగైదు షీట్లతో పోతుంది, రంగులు పిల్లలే వేసుకుంటారు. అవయవాల కార్డులకి వెడల్పు టేపు వేయించుకుంటే రెండు మూడేళ్లు వస్తాయి, అతికించడానికి గమ్ కాకుండా రెండు వైపులా అంటుకునే టేపు ముక్క వాడండి. తాళ్లు విప్పి చుట్ట చుట్టి పెట్టుకోండి. ఎర్ర కాగితం మాత్రం పారేయకుండా గోడకి అంటించి ఉంచండి, రక్తప్రసరణ పాఠం వచ్చినప్పుడు అక్కడున్న గళ్లు ఎక్కడికి పోతాయో అడుగుతూ మొదలుపెట్టొచ్చు.